తేనె రొట్టెలూ, మిగ్లేనాకు ఉత్తరమూ

డిసెంబరు మొదట్లో వచ్చే వర్వారా పండుగ నాడు బడి మరుగుదొడ్డి చెత్తబుట్టలో తేనె పూసిన రొట్టెలు దొరికాయనీ, వాటిని చూసి త్సోంకా టీచర్ గోడకు ఆనుకుని కూలబడిపోయిందనీ పోయినవారం చెప్పి ఆపాను. ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను.

వరా ఐదో తరగతి పిల్ల. పూర్తి పేరు వర్వారా, నానమ్మ పేరే పెట్టారు. చేతులకు గజ్జి లాంటి చర్మరోగం ఉంది, చలికాలం వస్తే వేళ్ళు ఎర్రగా పగులుతాయి. అది అంటుకునే జబ్బు కాదు. కానీ క్లాసులో 'మచ్చల ఆట' ఒకటి పుట్టింది. వరా పెన్సిలో కుర్చీయో తగిలినవాడు ఇంకొకణ్ణి ముట్టుకుని "మచ్చ నీకే!" అని పారిపోవాలి. హోరో నాట్యంలో అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగేటప్పుడు పిల్లలు చొక్కా చేతులు వేళ్ళ దాకా లాక్కుని, ఆ గుడ్డతో ఆమె చెయ్యి పట్టుకునేవారు.

పండుగ రోజు ఆనవాయితీ ప్రకారం నానమ్మ చిన్న చిన్న రొట్టెలు కాల్చి, పైన తేనె పూసి, బుట్టలో పెట్టి పంపింది. పూర్వం ఆ రొట్టెలు పంచితే పిల్లలకు మశూచి రాదనేవారు. క్లాసులో ఒక్కరూ తీసుకోలేదు. అది చూసి త్సోంకా టీచర్ మనసు కరిగింది. మంచి మనసే, కాదనను. అందర్నీ వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరూ వరాకి చెయ్యిచ్చి రొట్టె తీసుకోవాలని హుకుం జారీ చేసింది. పిల్లలు చెయ్యిచ్చారు, రొట్టెలు తీసుకున్నారు, విరామంలో తిన్నగా మరుగుదొడ్డికి పోయారు. వరా ఖాళీ బుట్టతో ఇంటికెళ్ళి, "అన్నీ అయిపోయాయి నానమ్మా" అంది. ఆ ముసలామె ఆ రోజంతా మురిసిపోయిందట.

నేను ఈ బడిలో పిల్లల సలహాదారుని. పేరు స్లవేయా. హింస జరిగితే కూర్చునే సంఘం ఒకటి మా బడిలో ఉంది. హెడ్మాస్టరు, నేను, నర్సు, ఇద్దరు టీచర్లు, తల్లిదండ్రుల తరఫున ఒకరు. ఆ సంఘం కూర్చుంది, తీర్మానాలు చేసింది. ఇక తల్లికి ఉత్తరం రాయాలి. రాసే పని నాది.

హెడ్మాస్టరు విటానోవ్ గారు గుమ్మంలోంచే మొదలుపెట్టారు.

"స్లవేయా, క్లుప్తంగా రాయమ్మా. 'పిల్లల మధ్య చిన్న అపార్థం, సర్దుబాటు చేశాం' అంటే చాలు. ఆ తల్లి ఫిర్యాదైనా చెయ్యలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

ఈ పిల్ల విషయంలో దురద సామెత వాడటానికి నోరెలా వచ్చిందో గానీ, ఆయన ఏమీ ఎరగనట్టు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"అపార్థం అంటే రెండు వైపులా ఉండాలండీ. ఇక్కడ ఒకే పిల్ల మీద రెండు నెలల నుంచి పడుతున్నారు. దాన్ని దాని పేరుతోనే పిలుస్తాను. తల్లి రేపు ఎవరి నోటో వింటే, మనం చెప్పే మంచి మాట కూడా నమ్మదు."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. పంపవద్దని మాత్రం అనలేదు. ఆయనలో నాకు నచ్చేది అదొక్కటే.

ఆ తర్వాత త్సోంకా టీచర్ వచ్చింది. ఒకప్పుడు నాకూ క్లాస్ టీచరే. ఇప్పటికీ నా ముందు కుర్చీలో కూర్చోవాలంటే ఆమెకు మొహమాటం, నాకు భయం.

"ఆ వరుస సంగతి కూడా రాస్తావా?" అంది.

"రాయాలి టీచర్."

"నేను వాళ్ళను కలుపుదామనుకున్నానే. మన కాలంలో అంతేగా. కొట్టుకున్నవాళ్ళ చేతులు కలిపి, బుగ్గలు గిల్లి పంపేసేవాళ్ళం."

"కొట్టుకున్నవాళ్ళైతే సరే. ఇది ఒకరు కొడితే ఒకరు పడటం. పడ్డపిల్లని కొట్టినవాళ్ళ ఎదురుగా నిలబెడితే, ఆ పిల్లని ఇంకోసారి కొట్టినట్టే. వాళ్ళకేమో, ఈ పిల్ల వల్ల మాకు తిట్లు పడ్డాయని కసి."

ఆమె చేతిరుమాలు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"రాయి," అంది చివరికి. "నా పేరు పెట్టే రాయి. స్కూలు అని రాస్తే ఎవరూ కాదన్నట్టుంటుంది."

ఆవిడంటే నాకెప్పుడూ భయమే అన్నాను గదా. ఆ రోజు నుంచి ప్రేమ కూడా.

మధ్యాహ్నం వరా వచ్చింది. రోజూ పెద్ద విరామంలో నా గదికి వచ్చి కాసేపు కూర్చోవాలని మా ఒప్పందం. మాట్లాడినా సరే, మాట్లాడకపోయినా సరే. చేతులు ఎప్పటిలాగే చంకల్లో దాచుకుంది.

"మీ అమ్మకి ఉత్తరం రాశాను. నీ గురించి రాసింది నీకు తెలియకుండా పంపను. చదువుతావా?"

తలూపింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రొట్టెల మాట తీసేయండి మేడం. నానమ్మ చచ్చిపోతుంది."

"చచ్చిపోదమ్మా."

"మీకు తెలీదు. తెల్లారకముందే లేచి చేసింది. వేళ్ళు వంకర్లు పోయి పిండి పిసకలేకపోయినా చేసింది. నేను అయిపోయాయి అన్నాను. నేను అబద్ధాలకోరునని అనుకుంటుంది."

రుమాలు ఇచ్చాను. కానీ పిల్ల ఏడ్చిందని అబద్ధపు మాట ఇవ్వకూడదు. అది నా ఉద్యోగంలో మొదటి పాఠం.

"అమ్మ దగ్గర దాచలేను వరా. నిన్ను కాపాడాలంటే అమ్మకి అంతా తెలియాలి. కానీ నానమ్మకి చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి, అది నీ ఇష్టం. ఆ మాట ఉత్తరంలో రాస్తాను. నీ సంచిలో పంపను, అమ్మ చేతికే ఇస్తాను. సరేనా?"

కళ్ళు చొక్కా చేతికి తుడుచుకుంది. "సరే. కానీ నేను దొంగ అబద్ధం ఆడలేదని కూడా రాయండి," అంది.

రాశాను. ఆ ఉత్తరం ఇదిగో.

*

మిగ్లేనా గారికి,

మీ అమ్మాయి వరా విషయంలో బడిలో జరిగినదీ, మేము చేసినదీ, చెయ్యబోయేదీ చెప్పడానికి ఇది రాస్తున్నాను. ముందుగా ఒక మాట. ఇందులో వరా తప్పు ఏమీ లేదు. మీ తప్పు కూడా లేదు.

అక్టోబరు నుంచి క్లాసులో కొందరు వరాని ముట్టుకోకుండా తప్పించుకునే ఆట ఆడుతున్నారు. ఆమె వస్తువులు నేల మీద పడేశారు. నాట్యంలో చెయ్యి పట్టుకోలేదు. ఆమె రాత్రిళ్ళు చేతులకు మందు రాసుకుని తెల్లటి నూలు తొడుగులు వేసుకుని పడుకుంటుందని తెలుసుకుని, మంచం మీద రెండు తెల్లచేతులున్న బొమ్మ వేసి 'దెయ్యం చేతులు' అని క్లాసు ఫోన్ గ్రూపులో పెట్టారు. పండుగ నాడు మీ అత్తగారి రొట్టెలు ఎవరూ తీసుకోలేదు. క్లాస్ టీచర్ త్సోంకా గారు అందరిచేతా బలవంతంగా తీయించారు. ఆ రొట్టెలు చెత్తబుట్టలో పడ్డాయి. అలా చేయించడం మా పొరపాటు, త్సోంకా గారు తన పేరుతోనే ఈ మాట రాయమన్నారు. వరా ఇంట్లో అయిపోయాయని చెప్పింది నానమ్మ మనసు నొప్పించకూడదనే. దాన్ని దొంగ అబద్ధంగా చూడకండి. నానమ్మకి ఎప్పుడు, ఎలా చెప్పాలో వరా నిర్ణయించుకుంటానంది. దయచేసి ఆ అవకాశం ఆమెకే వదలండి.

మేము చేసినవి చెబుతాను. వరాతోనూ, ఆమె పేర్లు చెప్పిన ముగ్గురు పిల్లలతోనూ, చూసినవాళ్ళతోనూ విడివిడిగా మాట్లాడాను. ఎదురెదురుగా కూర్చోబెట్టలేదు, కూర్చోబెట్టము. ఆ ముగ్గురి తల్లిదండ్రుల్నీ వేరువేరుగా పిలిచాం. మందలింపుతో పాటు ప్రతి ఒక్కరికీ ఒక ప్రణాళిక ఉంది, వారం వారం నేను కలుస్తాను. వాళ్ళ పేర్లు మీకు చెప్పలేను, మీ అమ్మాయి సంగతులు వాళ్ళకు చెప్పనట్టే. మార్చింది వాళ్ళ స్థలాలే గానీ వరా స్థలం కాదు. ఆమెకిష్టమైన కిటికీ పక్కనే యోవా అనే పిల్ల పక్కన కూర్చుంటుంది. పెద్ద విరామంలో మరుగుదొడ్ల దగ్గరా, బట్టలు మార్చుకునే గది దగ్గరా ఒక టీచర్ నిలబడుతున్నారు, ఎందుకంటే ఎక్కువ జరిగింది అక్కడే. నాట్యంలో జంటలు టీచరే కలుపుతారు. ఫోన్ గ్రూపు మూసేశాం, బొమ్మల నకళ్ళు సాక్ష్యంగా దాచాం. వరా ఒప్పుకుంది గనక, ఆమె పేరెత్తకుండా బడి నర్సు వచ్చే వారం క్లాసుకు చర్మవ్యాధుల గురించి చెబుతారు. క్షమాపణ ఎవరిచేతా బలవంతంగా చెప్పించము. చెప్పదలుచుకున్నవాళ్ళు చెబుతారు, అదీ వరా వింటానంటేనే, ఒక్కొక్కరే విడిగా.

క్లాసులో ఉండలేననిపిస్తే వరా గుర్తుగా తన రబ్బరుని బల్ల అంచున పెట్టి నా గదికి రావచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. రెండు వారాల తర్వాత మీతో కూర్చుని ఏది పనిచేసిందో, ఏది చేయలేదో చూస్తాం. ఆగకపోతే పిల్లల రక్షణ శాఖకు రాస్తాం. ఆ సంగతి మీకు ముందే చెబుతాం.

ఇంట్లో మీరు చేయగలిగినవి. గుమ్మంలో అడుగుపెట్టగానే 'ఇవాళ ఏం చేశారు?' అని అడగకండి. ముందు తిననివ్వండి. అక్రోట్లు కొడుతున్నప్పుడో గిన్నెలు తుడుస్తున్నప్పుడో పక్కన ఉండండి, చేతులు పనిలో ఉంటే నోరు తేలిగ్గా తెరుచుకుంటుంది. చెప్పేటప్పుడు మధ్యలో ఆపకండి. 'నువ్వూ ఒకటిచ్చుకోకపోయావా' అనకండి. ఆమె కొట్టలేక ఊరుకోలేదు, ఒంటరిదై ఊరుకుంది. 'చెప్పి మంచిపని చేశావు, నీ తప్పు కాదు, మేం చూసుకుంటాం' అన్న మూడు మాటలు చాలు. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. ఫోను లాక్కోకండి, లాక్కుంటే ఇంకోసారి చెప్పదు. చెడ్డ మాట వస్తే తేదీతో దాచి నాకు చూపించండి. ఆ పిల్లల ఇళ్ళకు వెళ్ళకండి, గేటు దగ్గర నిలదీయకండి. కోపం రావడం సహజం, ఆ కోపం నా దగ్గరకు తీసుకురండి.

పొద్దున్నే కడుపునొప్పి అంటే డాక్టరుకు చూపించండి, నాకూ చెప్పండి. కానీ బడి మానిపించకండి. నిద్ర, తిండి గమనించండి. బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా వస్తే ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్యండి, లేదా పిల్లల సహాయ నంబరుకు, ఆలస్యం చెయ్యకుండా. వీలైతే యోవాని ఒక శనివారం ఇంటికి పిలవండి. ఒక్క స్నేహం గట్టిగా ఉంటే క్లాసు మొత్తం అంత పెద్దదిగా కనిపించదు. అన్నిటికంటే ముఖ్యం, ఇల్లు ఆమెకు చేతులు దాచుకోనక్కర్లేని చోటు కావాలి.

స్లవేయా

*

మిగ్లేనా బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పని దిగి నేరుగా వచ్చింది. గౌనంతా దారం పోగులు. భర్త డాన్యూబ్ నది మీద సరుకు పడవలో ఉన్నాడు, వసంతానికి గానీ రాడు. నేను ఉత్తరం ఇచ్చి, చదివేదాకా ఇక్కడే ఉంటానన్నాను. ఇలాంటి ఉత్తరం ఒంటరిగా చదవాల్సింది కాదు.

సగం చదివి తలెత్తింది. మొహం ఎర్రబడింది.

"వాళ్ళెవరో చెప్పండి. చెప్పండి మేడం, వాళ్ళమ్మల్ని జుట్టు పట్టుకుని ఈడుస్తాను."

"అందుకే చెప్పను."

"మీకు పిల్లలున్నారా?"

"లేరు."

"అదీ సంగతి."

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే అంది, అనే హక్కు ఆమెకుంది. నేను బల్ల మీది నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాను. తాగింది. మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. ఈసారి మెల్లగా, పెదాలు కదుపుతూ. త్సోంకా టీచర్ పేరు దగ్గర ముక్కు చీదుకుంది.

"పెద్దావిడ. పాపం," అంది. "ఎవరొప్పుకుంటారు ఈ రోజుల్లో?"

ఆ తర్వాత ఉన్నట్టుండి చదవడం ఆపేసింది. పై వాక్యాల్లోకి వెనక్కి వెళ్ళి, తొడుగుల మాట మీద వేలు పెట్టింది.

"రాత్రి తొడుగుల సంగతి వీళ్ళకెలా తెలిసింది?"

"వరా ఎవరితోనైనా అని ఉంటుంది."

"అనదు. చచ్చినా అనదు. నా బిడ్డ పక్కింటి పిల్ల వస్తే తొడుగులు దిండు కింద దాస్తుంది మేడం. అవి నేనే కుట్టాను, ఫ్యాక్టరీ ముక్కలతో. మా అత్తకి తెలుసు, నాకు తెలుసు." ఆమె గొంతు సన్నబడింది. "ఇంకొకరికి తెలుసు."

ఎవరికని అడిగాను.

"బిల్యానా కూడా ఆ క్లాసే కదా?"

బిల్యానా సెప్టెంబరులో చేరిన కొత్త పిల్ల. వేరే ఊరి నుంచి వచ్చింది. తండ్రి లారీ డ్రైవరు, బడి కాగితాల మీద సంతకం ఆయనదే. వరా చెప్పిన మూడు పేర్లలో ఈ పేరు లేదు. అది మాత్రం మిగ్లేనాతో అనలేదు. ఏ పిల్ల పేరూ ఉందనీ లేదనీ చెప్పకూడదు.

"మా చెల్లెలి కూతురు," అంది మిగ్లేనా. "చెల్లెలు ఇటలీలో ఒక ముసలమ్మకు సేవ చేస్తోంది. మరిది వారానికి ఆరు రోజులు రోడ్డు మీదే. పిల్ల తిండీ పడకా మా ఇంట్లోనే. ఇద్దరివీ పక్కపక్క మంచాలు."

నాకు ఈ సంగతి తెలియదు. ఇంటిపేరు వేరు, చిరునామా వేరు. ఇద్దరూ కలిసి బడికి రావడం కూడా ఎప్పుడూ చూడలేదు.

"అక్కచెల్లెళ్ళమని బడిలో చెప్పద్దని బిల్యానా అడిగిందట. వరా నాతో చెప్పింది. కొత్త పిల్ల, సిగ్గు పడుతోంది, పోనీలే అన్నాను. నవ్వాను కూడా మేడం. నా బిడ్డ నవ్వలేదు. నేను చూశాను, కానీ పట్టించుకోలేదు."

ఇప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళు ఏడ్చినట్టు, మొహం పక్కకు తిప్పుకుని, తొందరగా. నేను కుర్చీ ఆమె పక్కకు లాక్కుని కూర్చున్నాను. నా ఉత్తరంలో ప్రతి వాక్యం ఇల్లు క్షేమంగా ఉందన్న నమ్మకం మీద రాసింది. తాళాలన్నీ బయటి తలుపులకు వేశాను.

"బిల్యానా కావాలని చేసిందో, కొత్తచోట నలుగురిలో కలవడానికి ఒక మాట జారిందో ఇంకా మనకు తెలియదు," అన్నాను. "ఇవాళ ఇంటికెళ్ళి నిలదీయకండి. ముందు నేను ఆ పిల్లతో మాట్లాడాలి. వరాతో కూడా."

"అది కూడా నా బిడ్డే," అంది మిగ్లేనా. "మా చెల్లెలు బస్సెక్కుతూ దాని చెయ్యి నా చేతిలో పెట్టింది. నేను ఎవరి తల్లిని జుట్టు పట్టుకు ఈడవాలి మేడం? నన్నేనా?"

ఆమె గౌను జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి నాకేసి తిప్పింది. బిల్యానా. నేను వద్దనేలోపే వేలు తగిలి ఫోను స్పీకరులో ఆన్ అయింది.

"పెద్దమ్మా, ఎక్కడున్నావ్? వరా మందు ట్యూబు అయిపోయింది. రెండు చేతులూ పగిలి రక్తం వస్తోంది, ఏడుస్తోంది గానీ నీకు చెప్పద్దంటోంది. నేను రోజూ రాసినట్టే రాద్దామంటే ట్యూబులో ఏమీ లేదు. మందుల షాపుకి వెళ్ళనా? నా దగ్గర నాన్న ఇచ్చిన డబ్బులున్నాయి." కాస్త ఆగి, గొంతు తగ్గించి అంది. "పెద్దమ్మా, బడివాళ్ళు నీకేమైనా చెప్పారా?"

మిగ్లేనా ఫోను అరచేత్తో మూసింది. ఇంకో చేత్తో ఉత్తరం తీసింది. దాన్ని నా ముందుకు తోసింది.

"ఇంట్లో ఏం చెయ్యాలో అంతా రాశారుగా. దీనికేం రాశారో చూపించండి. పిల్ల లైన్లో ఉంది, ఏం చెప్పను?"